‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రాశాక ఏమైంది: 41 ఆవకాయ పార్సిళ్ళు, మూడు మెసేజ్‌లు

గుంటూరులో మా పిన్ని పెట్టిన చిన్న పచ్చళ్ళ వ్యాపారంలో ఆర్డర్లు, కొరియర్, కస్టమర్లతో మాటలు నా పని. ఈ మేలో కొత్తావకాయ పార్సిళ్ళు వారం ఆలస్యమయ్యాయి. ఆ వారంలో కస్టమర్లకు మూడు మెసేజ్‌లు రాశాం. మొదటిది పరిస్థితిని చెడగొట్టింది, రెండోది బాగుచేసింది, మూడోది నిలబెట్టింది. ఏ వాక్యం ఎందుకు పనిచేసిందో, ఏది ఎందుకు తిరగబడిందో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

ఆర్డర్ పేజీలో ‘12న పంపిస్తాం, 15కి మీ ఇంట్లో’ అని రాసి ఉంది. 8న కాయ రావాలి, అదే రోజు ముక్కలు కొట్టించి కలపాలి, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడాలి, 11న సీసాలకెత్తాలి. ఆ లెక్కన రాసిన తేదీ అది. కాయ 10న వచ్చింది. ఆవకాయకు మూడో రోజు తిరగకలపకుండా సీసాకెత్తే దారి లేదు, ఊట దిగదు, నూనె తేలదు, ఉప్పు సరిపోయిందో లేదో తెలియదు. అందుకని 12న తిరగకలిపి, 13న ఎత్తి, 14 బుధవారం కొరియర్‌కి ఇచ్చాం. మొత్తం 64 పార్సిళ్ళు. రాష్ట్రం లోపలివి 23 వెంటనే అందేశాయి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వెళ్ళాల్సిన 41 మాత్రం విజయవాడలోనే ఆగిపోయాయి.

16 శుక్రవారం పొద్దుటికి ఫోన్లు మొదలయ్యాయి. ట్రాకింగ్‌లో ‘నిలిపి ఉంచారు’ అని తప్ప ఇంకేమీ లేదు. సాయంత్రం ఏడింటికి, కంగారులో, 41 మందికీ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఇది పంపాను:

‘ప్రియమైన కస్టమర్, కొన్ని అనివార్య కారణాల వల్ల మీ పార్సిల్ డెలివరీలో కాస్త ఆలస్యం జరిగింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఓపికకు ధన్యవాదాలు. మా కమ్మని ఆవకాయ త్వరలోనే మీ ముంగిట! తదుపరి ఆర్డర్‌పై 10 శాతం తగ్గింపు మీ కోసం.’

తొమ్మిది జవాబులు వచ్చాయి. అందులో ఆరు ‘అంటే ఎప్పుడండీ?’ అనే అర్థంలోనివే. ఒకాయన ‘చింతిస్తున్నారా? ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తోంది బండి?’ అని రాశాడు. నవ్వొచ్చింది కానీ ఆయన అన్నది నిజమే. ఆ వాక్యం విజయవాడ స్టేషన్‌లో మైకులో వినీ వినీ అందరి చెవులకూ తుప్పు పట్టిపోయింది. అది వినగానే మనిషి మనసులో అనుకునేది ఒకటే, ‘వీళ్ళు ఇంకా ఆలస్యం చేస్తారు’ అని. ముగ్గురు డబ్బు వెనక్కి అడిగారు. ఆ ముగ్గురూ మెసేజ్ రాకముందు ఒక్క ఫోన్ కూడా చేయనివాళ్ళే.

మిగతా 32 మందీ మౌనంగా ఉన్నారంటే సర్దుకున్నారనుకున్నాను. శనివారం పొద్దున బ్రాడ్‌కాస్ట్ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే, అది చేరింది 14 మందికే. మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే బ్రాడ్‌కాస్ట్ వెళుతుంది, మిగతావాళ్ళకి చేరదు. వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టినవాళ్ళు మన నంబరు ఎందుకు సేవ్ చేసుకుంటారు? అంటే 27 మందికి మా వైపు నుంచి ఒక్క ముక్క కూడా వెళ్ళలేదు. ఆ చెత్త మెసేజ్ అందరికీ చేరకపోవడం ఒకరకంగా మా అదృష్టం.

శనివారం తొమ్మిదిన్నరకి కొరియర్ వాళ్ళ విజయవాడ ఆఫీసు దొరికింది. కారణం మాదే. మా సీసా ఒకటి కారి సంచి నూనె అయింది, అందుకని మా మూడు సంచులూ పక్కన పెట్టారు. సీసాకెత్తేటప్పుడు అంచుకు నూనె అంటితే, తుడవకుండా రేకు సీలు వేస్తే అది అతుక్కోదు. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది. మే ఎండలో బండిలో వేడెక్కి నూనె పైకి తన్నినప్పుడు బయటపడుతుంది.

అప్పుడు రెండో మెసేజ్ రాయడానికి కూర్చున్నాం. రాసేముందు చేసిన పని ఒకటుంది, అది లేకపోతే ఆ మెసేజ్ కూడా దండగయ్యేది. 41 మంది జాబితా ముందు పెట్టుకుని, ఎవరికి తేదీ ముఖ్యమో గుర్తుపెట్టాం. ఆర్డర్‌తో పాటు రాసిన నోట్లు, నిన్నటి జవాబులు చూస్తే ముగ్గురు తేలారు. ఒకావిడ కూతురు 20న అమెరికా వెళుతోంది, సూట్‌కేసులో పెట్టాల్సిన సీసా అది. ఇంకో ఇద్దరి ఇళ్ళలో శుభకార్యాలు. మరో ఆరు పార్సిళ్ళు వేరేవాళ్ళకి బహుమతిగా పంపినవి. వీటిలో చిన్న మెలిక ఉంది. పార్సిల్ మీద ఉండే నంబరు అందుకునేవాళ్ళది, డబ్బు కట్టింది మరొకరు. లేబుల్ చూసి మెసేజ్ పెడితే, పుట్టింటి నుంచి ఏదో వస్తోందని కూడా తెలియని పిల్లకి ‘మీ ఆవకాయ ఆలస్యమైంది’ అని వెళుతుంది. ఆరుగురికీ కట్టినవాళ్ళ నంబరు వెతికి రాసుకున్నాం. తేదీ ఉన్న ముగ్గురికి మెసేజ్ కాదు, ఫోనే చేశాం.

ఇక మెసేజ్. మొదట నేను రాసింది పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ పెట్టిన పరీక్ష ఒక్కటే: ‘ఇది ఫోన్ ఎత్తినావిడతో నా నోటితో అనగలనా?’ అనలేనిదల్లా కొట్టేసింది. ‘అనివార్య కారణాలు’ పోయింది. ‘తదుపరి’ పోయింది. ‘కాస్త ఆలస్యం’లో ‘కాస్త’ కూడా పోయింది. ఎంత ఆలస్యమో కొలిచేది ఎదురుచూసినవాళ్ళు కానీ మనం కాదు. ‘మీ ఓపికకు ధన్యవాదాలు’ అన్నది ఇంకా తప్పు. వాళ్ళు ఓపిక పట్టలేదు, కోపంగా ఉన్నారు. లేని ఓపికకు దండం పెడితే వెటకారంలా వినిపిస్తుంది.

ఎక్కువసేపు తెగనిది ‘ఆలస్యం’ అనే మాట పక్కన ఏ క్రియ పెట్టాలన్నది. ‘ఆలస్యం జరిగింది’, ‘ఆలస్యమైంది’ అని రాస్తే వాన పడినట్టు దానంతట అదే అయినట్టుంటుంది, చేసినవాళ్ళు కనబడరు. ‘మేం ఆలస్యం చేశాం’ అంటే ఎవరో తెలుస్తుంది. రాయడానికి చెయ్యి రాదు, అందుకే చదివినవాళ్ళు నమ్ముతారు. దాని వెనకే ఇంకో చిక్కు వచ్చింది. మా పేజీలో, సీసా మీద అన్నిచోట్లా మేం ‘మన’ అనే వాడతాం. మన ఆవకాయ, మన ఇంటి కారం. మా గొంతులోని ఆప్యాయత సగం ఆ మాటలోనే ఉంది. అలవాటుకొద్దీ ‘మన పార్సిల్ మనం చెప్పిన రోజుకి పంపలేదు’ అని రాసేశాను. పిన్ని పకపకా నవ్వింది, ‘ఆవిడని కూడా తప్పులో కలిపేశావేంట్రా’ అని. ఆవకాయ మనది, తప్పు మాత్రం మాది. ఆ ఒక్క మెసేజ్‌లో రెండూ ఉండాలి, ఒకదాని చోట ఇంకొకటి రాకూడదు.

ఇంకో వాక్యం ‘మీ సీసా క్షేమంగా ఉంది, కంగారు పడకండి.’ చదవడానికి హాయిగా ఉంది కానీ అప్పటికి మేం ఎవరి సీసానీ చూడలేదు. దాన్నీ తీసేశాం.

చివరికి పదకొండింటికి వెళ్ళింది ఇది:

‘నమస్తే … గారూ, మీ కిలో ఆవకాయ ఇంకా విజయవాడలోనే ఉంది. 15కల్లా అందిస్తామని చెప్పి మేం మాట తప్పాం.

కాయ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ సంగతి మాకు 8నే తెలుసు, మీకు అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. తర్వాత మేం కట్టిన సీసా ఒకటి కారడంతో కొరియర్ వాళ్ళు మన సంచులు పక్కన పెట్టారు. అదీ మా కట్టుబడిలో లోపమే. మన్నించండి.

ఈ మధ్యాహ్నం మేమే వెళ్ళి ఒక్కో సీసా చూస్తాం. పార్సిల్ కదిలినా కదలకపోయినా సాయంత్రం 6 లోపు మళ్ళీ రాస్తాం.

మీరు కట్టిన కొరియర్ ఖర్చు 90 రూపాయలు ఈ రోజే వెనక్కి పంపుతున్నాం, మీరేమీ చేయక్కర్లేదు. బ్యాంకులో కనబడడానికి వారం పట్టొచ్చు.

ఫలానా రోజుకి కావాలనుకుని తెప్పించుకుంటుంటే ఒక్క ముక్క రాయండి, ముందు మీది చూస్తాం. ఇక వద్దనుకుంటే మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. ఇదే నంబరుకి ఫోన్ చేసినా ఎత్తేది మేమే.

గుంటూరు నుంచి, పిన్ని’

ఇందులో మొదటి వాక్యం అక్కడే ఎందుకుందంటే, ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో కనబడేది మొదటి ఒకటి రెండు వరుసలే. అక్కడ ‘ప్రియమైన కస్టమర్’ ఉంటే ప్రకటన అనుకుని తోసేస్తారు. పేరు, సరుకు, అది ఎక్కడుందో, ఈ మూడూ అక్కడే కనబడాలి. క్షమాపణ కంటే ముందు పార్సిల్ ఎక్కడుందో చెప్పడం మొరటుగా ఉంటుందేమో అనిపించింది కానీ, ఎదురుచూసేవాళ్ళ మొదటి ప్రశ్న అదే కదా.

‘సాయంత్రం 6 లోపు మళ్ళీ రాస్తాం’ అన్నదే ఆ మెసేజ్‌కి వెన్నెముక. పార్సిల్ ఎప్పుడు అందుతుందో మా చేతిలో లేదు. ఆదివారం అందుతుందని రాసి ఆదివారం రాకపోతే, రెండోసారి మాట తప్పినట్టు. ఆరింటికి మెసేజ్ పెట్టడం పూర్తిగా మా చేతిలో ఉంది. చెడిన నమ్మకం మీద వేయగలిగిన మొదటి ఇటుక అంతకంటే పెద్దది దొరకదు. డబ్బు గురించి ‘ఈ రోజు మీ ఖాతాలో పడుతుంది’ అని రాయకపోవడానికీ అదే కారణం. వెబ్‌సైట్‌లో కట్టిన డబ్బు పేమెంట్ గేట్‌వే ద్వారా వెనక్కి వెళ్ళడానికి సాధారణంగా 5 నుంచి 7 పనిదినాలు పడుతుంది. మనం ఈ రోజే పంపినా వాళ్ళకి ఈ రోజు కనబడదు.

10 శాతం కూపన్ తీసేయడం మీద మా ఇంట్లో చిన్న గొడవే అయింది. తమ్ముడికి అది ఉండాలి. కానీ కూపన్ అంటే, మా వల్ల ఇబ్బంది పడ్డావిడ ఇంకోసారి మాకు డబ్బు కడితే తప్ప చేతికి రాని పరిహారం. అడగకుండా వెనక్కి వచ్చిన 90 రూపాయలు వేరు, ఏ సేవ సరిగ్గా అందలేదో దాని ఖరీదే అది. 41 మందికి 3,690 రూపాయలైంది. మా స్థాయికి అది చిన్న మొత్తం కాదు. అంతకంటే ఎక్కువ ఇచ్చినా పని చేసేది కాదనుకుంటున్నాను, మరీ ఎక్కువిస్తే ఇంకేదో దాస్తున్నారనిపిస్తుంది.

మామూలు రోజుల్లో మా మెసేజ్‌ల నిండా వేడన్నం, నెయ్యి, ముద్దపప్పు ఉంటాయి. ఇందులో ఒక్కటీ లేదు. ఆకలితో కూర్చున్న మనిషికి వంట గురించి వర్ణించకూడదు. అయినా పొడిగా లేదని మా నమ్మకం. ‘కట్టుబడి’, ‘మాట తప్పాం’, ‘ఎత్తేది మేమే’ అన్నవి ఇంట్లో మాట్లాడే మాటలే. చివర సంతకం కూడా ‘కస్టమర్ సపోర్ట్ టీం’ అని కాక, ఎప్పుడూ ఉండే పిన్నే.

పంపడం బ్రాడ్‌కాస్ట్‌లో కాదు, ఒక్కొక్కరికీ విడివిడిగా. వాట్సాప్ బిజినెస్‌లో దీన్ని క్విక్ రిప్లైగా పెట్టుకుంటే, ‘/’ గుర్తు కొట్టి పొట్టి పేరు రాస్తే మొత్తం వచ్చేస్తుంది. పేరు, ఎంత తూకం, ఏం పచ్చడి, ఈ మూడే మార్చాలి. ఇద్దరం కూర్చుంటే గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఒకళ్ళు చదవడం, ఒకళ్ళు నొక్కడం. ఒక్కచోట పేరు మార్చడం మర్చిపోయాం. వెంటనే చూసుకుని చెరిపేసి మళ్ళీ పంపాం. ఆ ఒక్కటీ దాటిపోయి ఉంటే ఆవిడ దృష్టిలో మొత్తం మెసేజ్ అచ్చు కాగితమైపోయేది. వాట్సాప్ లేని ఇద్దరికి ఫోన్ చేశాం. మామూలు ఎస్సెమ్మెస్ పంపుదామంటే, ఎక్కువమందికి పంపాలంటే ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ఆ వాక్యం నమోదై ఉండాలి, మాకు నమోదైనది ‘మీ ఆర్డర్ బయల్దేరింది’ ఒక్కటే. పైగా తెలుగులో రాస్తే 70 అక్షరాలకే ఒక మెసేజ్ అయిపోతుంది. గుణింతాలూ వత్తులూ కూడా విడిగా లెక్కకొస్తాయి, అంత చోటులో చెప్పదగ్గది ఏమీ లేదు.

మధ్యాహ్నం రెండింటికి విజయవాడలో సంచులు విప్పించాం. 38 శుభ్రంగా ఉన్నాయి. మూడింటికి నూనె అంటింది, అందులో కారింది ఒక్కటే. రసీదు, ఆధార్ చూపించాక అమెరికా వెళ్ళే పిల్ల సీసా, శుభకార్యాల ఇళ్ళవి రెండూ మా చేతికిచ్చారు. మూడూ హైదరాబాద్‌వే కాబట్టి పండిట్ నెహ్రూ బస్టాండుకి తీసుకెళ్ళి ఆర్టీసీ కార్గోలో వేశాం. మేం వేసిన పద్ధతిలో అది ఇంటికి రాదు, బస్టాండు కౌంటర్‌కి వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ సంగతి ముందే అడిగి, వాళ్ళు సరేనన్నాకే వేశాం. సాయం చేస్తున్నామనుకుని వాళ్ళకో పని పెట్టడం కూడా తప్పే కదా.

సాయంత్రానికి తేలిన చేదు సంగతి, మిగతావి సోమవారం దాకా బండి ఎక్కవు. ఆరింటికి రాయాల్సిన మూడో మెసేజ్‌లో మంచి వార్త సగమే. సోమవారం పొద్దున్న పంపి, కదిలాక చెబుదామా అనిపించింది. 5:40కి పంపేశాం:

‘… గారూ, మీ సీసా చూశాం. మూత బిగుతుగా ఉంది, నూనె కారలేదు. కానీ ఈ రోజు బయల్దేరలేదు. సోమవారం ఉదయం బండి ఎక్కిస్తామని కొరియర్ ఆఫీసులో చెప్పారు. ఎక్కిందని మేం చూసుకుని సోమవారం మధ్యాహ్నం 1 లోపు మీకు రాస్తాం. పిన్ని’

ఇందులో మొదట ‘సోమవారం ఎక్కిస్తారట’ అని రాశాను. ఆ చివరి ‘ట’ ఒక్కటి చాలు, పక్కింటి సంగతి చెబుతున్నట్టుంటుంది, మాకేం సంబంధం అన్నట్టు. అలాగని ‘ఎక్కుతుంది’ అని మా మాటగా చెప్పలేం. ఎవరు చెప్పారో చెప్పి, అది నిజమో కాదో తేల్చే పని మా మీద వేసుకున్నాం. నూనె అంటిన మూడు పార్సిళ్ళవాళ్ళకి వేరే మెసేజ్ వెళ్ళింది: మీ సీసాకి నూనె అంటింది, అది పంపడం లేదు, గుంటూరు నుంచి కొత్తది సోమవారం కడుతున్నాం.

ఈ చిన్న మెసేజ్‌కి 26 మంది జవాబిచ్చారు. ఎక్కువగా ‘ఓకే అండీ’, ‘సరేనమ్మా’. పొగడ్తలేమీ రాలేదు, రావాలనీ అనుకోలేదు. కానీ ‘ఎప్పుడు’ అనే ప్రశ్న మళ్ళీ ఒక్కటి కూడా రాలేదు. నాకు కనబడిన గుర్తు అదే. జవాబుల్లో కోపం ఉందా లేదా అన్నదానికంటే, మనం చెప్పినదాన్నే మళ్ళీ అడుగుతున్నారా అన్నది చూడాలి. అడిగారంటే మనం చెప్పింది చెప్పినట్టు కాదు.

సోమవారం 12:15కి ట్రాకింగ్ కదిలింది, పన్నెండున్నరకి రాశాం. హైదరాబాద్‌వి 20న, బెంగళూరు, చెన్నైవి 21, 22 తేదీల్లో అందాయి. అందినట్టు కనబడగానే చివరిగా ఒక్క ముక్క పంపాం. అప్పుడే మళ్ళీ పాత గొంతు తెచ్చుకున్నాం: ‘మూత తీయగానే తినేయకండి. ఇన్ని రోజులు ప్రయాణంలో ఊగి నూనె పైకి, పిండి అడుక్కి చేరి ఉంటాయి. తడి లేని గరిటెతో అడుగు నుంచి ఒకసారి తిరగకలిపి, పూట ఆగి వేసుకోండి.’ ఆలస్యం వల్ల సీసాకి నిజంగా జరిగేది అదే. ఆ మాటకి వచ్చినన్ని జవాబులు మిగతా నాలుగు రోజుల్లోనూ రాలేదు. ఫోటోలు కూడా వచ్చాయి, ముద్దపప్పుతో సహా.

డబ్బు వెనక్కి అడిగిన ముగ్గురిలో ఇద్దరు అదే మాట మీద ఉన్నారు, ఇచ్చేశాం, ఎందుకని అడగలేదు. మూడోవారు రెండో మెసేజ్ చదివాక ఉంచుకుంటామన్నారు. రెండో మెసేజ్ తర్వాత కొత్తగా ఒకరు వద్దన్నారు. తిరిగి వచ్చిన ఆ మూడు సీసాలూ ఇంట్లోకే.

ఇప్పుడు ఆర్డర్ పేజీలో తేదీ లేదు, ‘కాయ వచ్చిన ఐదో రోజున బయల్దేరుతుంది, కాయ రాగానే మీకు చెబుతాం’ అని ఉంది. ఆ రెండో మెసేజ్ క్విక్ రిప్లైల్లోనే ఉంది. కారణం రాసిన పేరా మాత్రం చెరిపేసి అక్కడ ఖాళీ వదిలాం. అది నింపకుండా పంపలేం, పాతది అక్కడే ఉంటే ఏదో ఒక కంగారు రోజున అలాగే వెళ్ళిపోతుంది.